‘అమ్మా, గ్యాస్ చెకింగ్!’ సారుకి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ గ్యాస్ చెకింగ్ సారు గారికి,

వంటింటి వాళ్లం రాసుకునేది ఏమనగా, మీ ముహూర్తబలం మాకు తెగ నచ్చింది. ఉద్యోగాలవాళ్లు వెళ్లిపోయి ఇంట్లో పెద్దావిడ ఒక్కరే ఉండే పదకొండింటికి సరిగ్గా బెల్లు కొడతారు. నీలం చొక్కా, జేబు మీద కంపెనీ బొమ్మ, మెడలో ఎప్పుడూ బోర్లాపడే ఉండే కార్డు. ‘కంపల్సరీ చెకింగ్ అమ్మా, చేయించుకోకపోతే కనెక్షన్ కట్టయిపోద్ది’ అంటారు.

ఇందులో సగం నిజం ఉంది, మీ చాకచక్యమంతా అక్కడే. ఐదేళ్లకోసారి తనిఖీ అనేది ఉన్నదే. దాని రుసుము 200 రూపాయలు, పైన 18 శాతం జీఎస్టీ, మొత్తం 236. కాకపోతే అసలు మెకానిక్ మన ఏజెన్సీ నుంచి, మన కన్స్యూమర్ నంబరు పట్టుకుని వస్తాడు. తమరు మాత్రం ‘ముందు మీ బుక్కు తెండమ్మా’ అని మా నంబరు మా దగ్గరే తెలుసుకుంటారు.

తర్వాత పైపు. నారింజ రంగు సురక్షా పైపు మీద తయారైన నెల, సంవత్సరం అచ్చువేసి ఉంటాయి, దాని ఆయుష్షు ఐదేళ్లు. 2023 అని ఉంటే 2028 దాకా దానికి ఢోకా లేదు. మీరు ఆ 2023 మీద వేలు పెట్టి ‘చూశారా, ఎక్స్‌పైరీ ఎప్పుడో అయిపోయింది’ అంటారు. కళ్లజోడు వెతుక్కునేలోపు పాత పైపు రెండు ముక్కలై నేల మీద ఉంటుంది. కోసేశాక కొనక తప్పుతుందా? 2024లో కంపెనీలు ఉచిత తనిఖీలు పెట్టినప్పుడు మీటరున్నర సురక్షా పైపు రాయితీ మీద 150 రూపాయలకే ఇచ్చాయి. మీ సంచిలోది 900. లోపల ఇనుప తీగ అల్లిక ఉందో లేదో ఆ దేవుడికే తెలియాలి.

మీ కళలో శిఖరం మాత్రం నురగ నాటకం. సీసాలోని షాంపూ నీళ్లు బాగా గిలక్కొట్టి రెగ్యులేటర్ మీద పోస్తారు, ‘అదిగో బుడగలు, లీకు!’ అంటారు. నురగలో బుడగలు కాక బూందీ ఉంటుందా సారూ? సబ్బునీళ్లు గిలక్కొట్టకుండా, పల్చగా, వేలితో రాయాలి. పొయ్యి మీటలు కట్టేసి రెగ్యులేటర్ ఆన్‌లో పెట్టాలి. నిజంగా లీకుంటే ఒకేచోట బుడగ పుట్టి, ఉబ్బి, పగిలి, మళ్లీ అక్కడే పుడుతుంది. పోసిన నురగ అయితే రెండు నిమిషాల్లో దానంతటదే చల్లారుతుంది. ఆ రెండు నిమిషాలు ఆగమంటేనే మీకు ఎక్కడలేని తొందర.

కొన్నిసార్లు నిజంగానే బుస్సుమంటుంది. అదీ మీ చలవే. బండ వాల్వులో చిన్న రబ్బరు వాషర్ ఉంటుంది. మమ్మల్ని ‘మంచినీళ్లు ఇస్తారా అమ్మా’ అని అటు పంపి దాన్ని గోటితో లాగేస్తే గ్యాస్ రాక ఏంచేస్తుంది? లేదా రెగ్యులేటర్ నల్ల రింగును టక్కుమనేదాకా కిందికి దిగనివ్వకుండా సగంలో వదిలేస్తారు. మొదటిదానికి మందు కొత్త వాషర్. బండ తెచ్చే అబ్బాయినడిగితే ఊరికే వేసిపోతాడు. రెండోదానికి మందు తీసి సరిగ్గా పెట్టడం. మీ వైద్యం మాత్రం రెండింటికీ ఒకటే, 1,200 రూపాయల ‘కొత్త మోడల్’ రెగ్యులేటర్. వాసన నిజంగా వస్తే మేం చేసేది వేరే ఉంది. రెగ్యులేటర్ కట్టేసి, స్విచ్చుల జోలికి పోకుండా, కిటికీలు తీసి, బయటికొచ్చి 1906కి ఫోన్. ఆ నంబరు రాత్రీపగలూ పలుకుతుంది.

అన్నట్టు ఆ రెగ్యులేటర్ మాది కాదు సారూ, కంపెనీది. డిపాజిట్ కట్టించుకుని మాకు వాడుకోమని ఇచ్చింది. వాడకంలో దానంతటది పాడైతే ఏజెన్సీలోనే మార్చి ఇస్తారు. పగలగొట్టుకున్నా పోగొట్టుకున్నా మాత్రం డబ్బు కట్టాలి. మీరు ‘పాతది డేంజరమ్మా, నేను పడేస్తాలే’ అని సంచిలో వేసుకుపోయేది సరిగ్గా దాన్నే. ఊరు మారి కనెక్షన్ వాపసు ఇచ్చేరోజున ఏజెన్సీవాళ్లు రెగ్యులేటర్ ఏదంటే, మీ కంపెనీ ముద్రలేని ‘కొత్త మోడల్’ బల్ల మీద పెట్టి దిక్కులు చూడాలి. అంటే ఒక్క వస్తువుకి మా చేత రెండుసార్లు కట్టిస్తున్నారన్నమాట, ఒకసారి మీకు, ఇంకోసారి వాళ్లకి.

కాబట్టి మనవి ఏమిటంటే, ఈసారి వచ్చినప్పుడు గుమ్మం బయటే కాసేపు నిలబడండి. బుక్కు మీదున్న ఏజెన్సీ నంబరుకి ఫోన్ చేసి మీ పేరు చెప్పి కనుక్కుంటాం. మీరు చూపించే ఫోన్ నంబరు వద్దు, అవతల మాట్లాడేది మీ బావమరిదే అయ్యుంటాడు. ఏజెన్సీవాళ్లు అవునంటే మజ్జిగ కూడా ఇస్తాం. కాదంటే ‘బిల్లుబుక్కు బండిలో ఉంది, తెస్తా’ అని మెట్లు దిగేముందు, సంచిలోని పాత రెగ్యులేటర్లు మాత్రం ఇక్కడ పెట్టి వెళ్లండి.

ఇట్లు,
బుక్కు దాచుకున్న వినియోగదారులు