గద్వాల చీర, మొదటి మూడు సెకన్లు

గద్వాలలో మా వదిన చీరలు అమ్ముతుంది. ఇంట్లో ఒక మగ్గం, బంధువులవి మరో మూడు. కొట్టు లేదు. ఉన్నదల్లా ఒక ఫోను, ఒక ఇన్‌స్టాగ్రామ్ బిజినెస్ అకౌంటు, ఒక వాట్సాప్ నంబరు. పోయిన ఏడాది కొన్నాళ్లు ఆమె రోజుకొక రీలు పెట్టింది. నెల తిరగకముందే అలసిపోయి, "రోజుకొకటి పెట్టకుంటే ఎవ్వరికీ కనబడదంట గదా?" అని నన్నడిగింది. చిన్న అమ్మకందారులకు ఎక్కువ చేటు చేస్తున్నది ఈ సలహాయే అని నా గట్టి నమ్మకం. మగ్గం మీంచి వారానికి ఒక చీర దిగే ఇంట్లో రోజుకొక రీలుకు సరుకు ఎక్కడిది? చూపిన చీరనే మళ్లీ చూపాలి, లేదంటే ఎవరి పాటకో పెదాలు కదపాలి.

ఆమె పాత రీలు ఒకటి తీసుకుందాం. నిడివి 42 సెకన్లు. మొదట "నమస్తే అండీ, మా పేజీకి స్వాగతం" అన్న పలకరింపు, ఆ తర్వాత పేజీ పేరు. కవర్లలోనే ఉన్న ఆరు చీరలు ఒకదాని వెంట ఒకటి కెమెరా ముందు నుంచి జారిపోయాయి. చివర్లో "ధర కోసం మెసేజ్ చేయండి" అని ముగించింది. ఇన్‌సైట్స్‌లో ఎంతమంది ఎంతసేపు చూశారో చెప్పే గీత ఉంటుంది. అది పలకరింపు దగ్గరే నిట్టనిలువుగా పడిపోయింది. చూసేవాళ్లకు ఆమె ఎవరో తెలియదు, తెలుసుకోవాలన్న తొందరా లేదు. ఆ సమయంలో వాళ్లకు పలకరింపుతో పనిలేదు.

వాళ్లకు కావలసింది వాళ్ల మనసులో అప్పటికే ఉన్న అనుమానానికి జవాబు. గద్వాల చీర కొనేవాళ్ల అనుమానం ఒక్కటే: ఇది చేనేతా, పవర్‌లూమా? ఆ జవాబు చీర వెనకవైపు ఉంది. సంప్రదాయ గద్వాల చీరలో మధ్య భాగం నూలు; అంచు, కొంగు మాత్రం పట్టు. నేసేటప్పుడు అడ్డం పోగును, అంటే పేకను, అటూ ఇటూ మోసే నాడెలు మూడు నడుస్తాయి: మధ్యకు ఒకటి, రెండు అంచులకు రెండు. అంచు కలిసే చోట మధ్య పేక, అంచు పేక ఒకదాన్నొకటి లంకె వేసుకొని వెనక్కి తిరుగుతాయి. అందుకే అక్కడ రంగు గీత గీసినట్టు ఆగిపోతుంది. ఒకే పేక ఈ చివరి నుంచి ఆ చివరికి పారితే మధ్య రంగు అంచులోకి చొరబడి, అంచు రంగు మసకబారుతుంది.

కొత్త రీలును ఇక్కడి నుంచే మొదలుపెట్టాం. మొదటి ఫ్రేములో మనిషి ముఖం లేదు, పేజీ పేరు లేదు. తిప్పి పట్టుకున్న చీర, ఆ లంకె మీద ఆమె బొటనవేలు. గొంతు ఆమెదే: "గద్వాల చీర కొనే ముందు ఎనకకు తిప్పి ఇక్కడ చూడుండ్రి." మూడు సెకన్లలో చూపు ఎక్కడ పెట్టాలో తెలిసిపోయింది. తర్వాత పది సెకన్లు అంచును మెల్లగా లాగి చూపింది. ఆపై మగ్గం మీద నాడెలు తిరిగే దృశ్యం, మగ్గం చప్పుడుతో సహా. చివర్లో అదే చీర తలుపు దగ్గరి పొద్దుటి వెలుగులో పూర్తిగా విప్పి. మొత్తం 25 సెకన్లు. సినిమా పాట పెట్టలేదు. బిజినెస్ అకౌంటుకు చాలా పాటలు అందవు, పైగా మగ్గం చప్పుడే ఈ సరుకుకు సాక్ష్యం.

చూసేవాళ్లను మొదట్లోనే ఆపే మాటనో దృశ్యాన్నో హుక్ అంటారు. కొందరు హుక్ అంటే ఊరించడం అనుకుంటారు. "చివరి వరకు చూడండి, షాక్ అవుతారు" అని మొదలుపెడతారు. చీర కొనేవాళ్లు షాక్ కోసం రారు. మొదటి మాటలో దేన్ని చూపిస్తామన్నామో అది వెంటనే కనబడకపోతే వెళ్లిపోతారు, రెండోసారి అదే పేజీ ఎదురైతే ఆగరు కూడా.

తెర మీద రాతకూ లెక్క ఉంది. కింది భాగాన్ని క్యాప్షన్, కుడి పక్కను బటన్లు కప్పేస్తాయి. అందుకని రాత నడిమికి కాస్త పైన ఉండాలి. తెలుగు అక్షరాలు చిన్నగా, సన్నగా ఉంటే వత్తులు కలిసిపోయి చదవరాదు. "వెనక్కి తిప్పి చూడండి" అన్న మూడు మాటలు లావు అక్షరాల్లో పెడితే చాలు. ధర మాత్రం వీడియోలో రాయొద్దు. రీలు పెట్టాక వీడియో మీది రాత మారదు, క్యాప్షన్ మాత్రం ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

ధర ఉండవలసింది ఆ క్యాప్షన్‌లోనే. అదీ మొదటి లైన్లో, ఎందుకంటే నొక్కకుండా కనబడేది అంతే. వదిన ఇప్పుడు ఇలా రాస్తుంది: "గద్వాల నూలు చీర, పట్టు అంచు, రూ.6,500. ఒక్కటే ఉంది." కింద చీర పొడవు, జాకెట్ ముక్క ఉందో లేదో, పోస్టు ఖర్చు, వాట్సాప్ నంబరు. ఇంకొక వాక్యం నేను పట్టుబట్టి రాయించాను: "ఎండలో ఈ ఎరుపు ఇంకొంచెం ముదురుగా కనిపిస్తుంది." ఫోను కెమెరా జరీ మెరుపుకు తడబడి రంగు మారుస్తుంది. తీసే ముందు తెర మీద అంచు దగ్గర వేలు అదిమిపెట్టి వెలుగును లాక్ చేస్తే కొంత నయం. అయినా తేడా మిగిలితే ముందే చెప్పడం మేలు, వాపసు వచ్చిన చీర పోస్టు ఖర్చు అమ్మినవాళ్ల నెత్తినే పడుతుంది.

"మెసేజ్ చేయండి" అని ధర దాచితే ఎంక్వైరీలు పెరుగుతాయన్నది నిజమే. అయితే వాటిలో ఎక్కువ "ఎంత?" అన్న ఒక్క మాట, ధర వినగానే మౌనం. ఒక్కతే వంట చేసుకుంటూ, కండెలు చుట్టుకుంటూ జవాబులివ్వాల్సిన మనిషికి అది శిక్ష. ధర చూసి వచ్చేవాళ్లు తక్కువే, కానీ వాళ్లడిగేది "ఇది ఉందా?" అని.

ఇక ఎన్నాళ్లకొకటి అన్న సంగతి. మా లెక్క వారానికి రెండు. నాలుగు మగ్గాల మీద వారానికి మూడు, నాలుగు చీరలు దిగుతాయి. ఆదివారం పొద్దున రెండు గంటల్లో రెండు రీళ్లకూ తీసేస్తుంది. ఒకటి ఒక చీర గురించి, రెండోది కొనేవాళ్లు ఆ వారం అడిగిన ఒక ప్రశ్నకు జవాబు: ఉతకడం ఎట్లా, జరీ నల్లబడకుండా ఎట్లా మడతపెట్టాలి. రీలు పెట్టిన రోజే ఆగిపోదు, రోజుల తర్వాత కూడా కొత్తవాళ్లకు చేరుతూనే ఉంటుంది. అందుకే "ఈ రోజే ఆఫర్" అన్న మాట రీలుకు పనికిరాదు, 24 గంటల్లో మాయమయ్యే స్టోరీలో పెట్టాలి. అదే కారణంతో శ్రావణానికి చీరలు కావాలంటే రీళ్లు ఆషాఢం మొదట్లోనే వెళ్లాలి. బతుకమ్మ ముందరి వారంలో పెడితే చూసేవాళ్లకు నచ్చినా చీర చేరే సమయం ఉండదు.

ఏది పనిచేసిందో తెలుసుకోవడానికి వ్యూస్ చూడొద్దన్నాను. గీత మొదటి మూడు సెకన్లలోనే కూలితే తప్పు హుక్‌ది. నడిమిలో జారితే చెప్పినదాన్ని ఆలస్యంగా చూపించాం. చివరిదాకా చూసి కూడా ఎవరూ అడగకపోతే క్యాప్షన్‌లో ఏదో లోపించింది. వీటికన్నా నేను ఎక్కువ చూసేది షేర్లు. 2025 జనవరిలో ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొసేరి, మనల్ని ఫాలో కానివాళ్లకు రీలు చేరాలంటే ఒకరు ఇంకొకరికి పంపడం ముఖ్యమని చెప్పారు. చీర విషయంలో దీనికి అర్థం తేలికే. మా వైపు ఏ ఆడమనిషీ చీర ఒంటరిగా ఎంచదు, అక్కకో వదినకో పంపి "ఇది ఎట్లుంది?" అని అడుగుతుంది.

చీర అమ్ముడుపోయాక వదిన రీలు తీసేసేది. ఇప్పుడు తీయడం లేదు. మొదటి లైను మార్చుతుంది: "అమ్ముడైంది. ఇదే అంచు, వేరే రంగులో మగ్గం మీద ఉంది, వచ్చే వారం దిగుతుంది."