జ్వరం దిగాకే ప్రమాదం: ఆ మాట క్యాప్షన్‌లో ఎందుకు ఉండదు?

వానాకాలం రాగానే డెంగ్యూ వ్యాసాలు వరుస కడతాయి. వాటిలో చాలావరకు బాగానే రాస్తున్నారు. ఆ వ్యాసాన్ని సోషల్ మీడియా క్యాప్షన్‌గా కుదించే దగ్గరే అసలు విషయం జారిపోతోంది. ఎక్కువమంది చదివేది ఆ నాలుగు ముక్కలే కాబట్టి దీన్ని చిన్న తప్పుగా వదిలేయలేం.

ఇలాంటి వ్యాసాల్లో సాధారణంగా కనిపించే పేరా ఒకటి చూద్దాం. "డెంగ్యూలో మూడు నుంచి ఏడు రోజుల మధ్య జ్వరం తగ్గుముఖం పడుతుంది. చాలామంది అక్కడితో కోలుకుంటారు. కానీ కొందరిలో సరిగ్గా అప్పుడే రక్తనాళాల నుంచి ప్లాస్మా బయటికి కారడం మొదలవుతుంది. అందుకే జ్వరం దిగాక 24 నుంచి 48 గంటలు కనిపెట్టుకుని ఉండాలి. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మత్తుగా పడి ఉండటం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నొప్పులకు ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వాడకూడదు."

దీన్ని కుదించమంటే మామూలుగా వచ్చే క్యాప్షన్ ఇలా ఉంటుంది: "డెంగ్యూ వస్తే కంగారు వద్దు. చాలామంది కోలుకుంటారు. లక్షణాలు కనిపిస్తే డాక్టర్‌ను కలవండి." ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ జ్వరం తగ్గిందని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకునే ఆ రెండు రోజుల సంగతే ఎగిరిపోయింది. కుదించిన మనిషి ప్రతి వాక్యం నుంచీ కొంచెం కొంచెం తీసుకున్నాడు. దాంతో ఏ జబ్బుకైనా సరిపోయే సలహా మిగిలింది.

పేరాలో చదివేవాడికి ముందే తెలియని మాట ఏది? దాన్ని బట్టి అతను ఏం చేయాలి? ఈ రెండూ దొరికాక మిగతాదంతా తీసేయొచ్చు. పై పేరాలో ఆ మాట 'కానీ' తర్వాత ఉంది. క్యాప్షన్ రాసేవాళ్లు ముందుగా కోసేది ఆ 'కానీ'నే. నేనైతే ఇలా రాస్తాను: "డెంగ్యూలో జ్వరం దిగిన తర్వాతి రెండు రోజులే కీలకం. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మత్తు... వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి." ప్లాస్మా గురించి తీసేశాను. అది కారణం మాత్రమే, కావాలంటే వ్యాసంలో చదువుకుంటారు. మాత్రల సంగతీ తీసేశాను. అది ముఖ్యం కాదని కాదు, దానికి విడిగా ఇంకో పోస్టు పెట్టాలి. ఒకే క్యాప్షన్‌లో రెండు హెచ్చరికలు ఇరికిస్తే రెండూ గుర్తుండవు.

తెలుగులో రాసేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. ఎక్స్‌లో మామూలు పోస్టుకు 280 పరిమితి. కానీ అది లెక్కపెట్టేది మన అక్షరాలను కాదు, ఒత్తులనూ గుణింతాలనూ విడివిడిగా లెక్కేస్తుంది. 'స్త్రీ' మనకు ఒక్క అక్షరం, దానికి ఆరు. ఇన్‌స్టాగ్రామ్‌లో 2,200 దాకా రాయొచ్చు గానీ, ఫీడ్‌లో సుమారు 125 దగ్గరే ఆగిపోతుంది, మిగతాది నొక్కితేనే కనిపిస్తుంది. మన భాషలో క్రియ చివర వస్తుంది, 'కూడదు' దానికీ చివర. "డెంగ్యూ జ్వరంలో ఒళ్లు నొప్పులు ఎంత బాధించినా ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటి మాత్రలు" అంటూ సాగే వాక్యం మధ్యలో తెగితే, కనిపించేది మాత్రల పేర్లు, కనిపించనిది నిషేధం. అందుకే చిన్న వాక్యాలుగా విరవాలి: "ఐబుప్రొఫెన్ వద్దు. ఆస్పిరిన్ వద్దు. డెంగ్యూ అనుమానం ఉంటే పారాసిటమాల్ ఒక్కటే, అదీ డాక్టర్ చెప్పిన మోతాదులో." నేను పైన రాసిన క్యాప్షన్‌లోనూ మొదటి వాక్యం ఎక్స్ లెక్కలో 50 దాటదు. ఎక్కడ తెగినా అది మిగులుతుంది.

అంతా క్యాప్షన్‌లోనే చెప్పేస్తే లింకు ఎవరు నొక్కుతారని అడుగుతారు. పోర్టల్ నడవాలంటే క్లిక్కులు కావాలి, నిజమే. సినిమా కబురుకైతే సస్పెన్స్ పెట్టుకోండి, అభ్యంతరం లేదు. కానీ జ్వరం దిగిన పిల్లాడిని పక్కన పడుకోబెట్టుకుని ఫోన్ చూస్తున్న తల్లి దగ్గర ఆ సమాచారం దాచిపెట్టడం ఏ లెక్కన సమర్థనీయం?

నా అసలు ఫిర్యాదు ఇక్కడే. వ్యాసం ఒకరు రాస్తారు, క్యాప్షన్ ఇంకొకరు రాస్తారు, థంబ్‌నెయిల్ మూడో మనిషి చేస్తాడు. ఆ ఇద్దరికీ వ్యాసం పూర్తిగా చదివే టైమ్ ఉండదు. వ్యాసానికి డాక్టర్ సలహా తీసుకుంటాం, ఎడిటర్ దిద్దుతాడు. అంతకన్నా ఎక్కువమంది చదివే క్యాప్షన్‌ను మాత్రం ఎవరూ చూడరు. 'తెలిస్తే షాకవుతారు' అనే రోగం మన తెలుగు పోర్టళ్లకు పట్టుకున్నది ఈ ఖాళీలోంచే.

రాసినవాళ్లే కుదించాలి. పోస్టు చేసే ముందు, వ్యాసం చదవని మనిషికి ఆ క్యాప్షన్ ఒక్కటే చూపించి "ఇప్పుడు నువ్వేం చేస్తావు?" అని అడగాలి. "జ్వరం తగ్గినా రెండు రోజులు కనిపెట్టుకుని ఉంటా" అంటే పోస్టు చేయొచ్చు. "డాక్టర్ దగ్గరికి వెళ్తా" అని మాత్రమే అంటే మళ్లీ రాయాలి. వ్యాసం చూసిన డాక్టర్‌కే ఆ రెండు వాక్యాలూ పంపడానికి పట్టేది ఒక్క నిమిషం. ఈ సీజన్ నుంచే ఆరోగ్య పేజీలన్నీ ఆ పని మొదలుపెట్టాలి.