మా ప్లాంట్‌లో ప్యాచ్ కంటే ముందు గోడ కావాలి

ఆడిట్ బృందం పంపిన ఎక్సెల్ షీటులో మా కంట్రోల్ రూమ్ మొత్తం ఎర్రగా ఉంది. "విండోస్ 7 కంప్యూటర్లు, పాత ఫర్మ్‌వేర్ ఉన్న పీఎల్‌సీలు. 30 రోజుల్లో ప్యాచ్ చేయాలి." ఈ ఒక్క వాక్యం చదివిన ప్రతిసారీ నాకు కోపం వస్తుంది. ప్యాచ్ అక్కర్లేదని కాదు. ఆ వాక్యం రాసినవారు మా కిల్న్‌ను ఒక్కసారైనా దగ్గరగా చూసి ఉండరు.

మాది సిమెంటు ప్లాంట్. కిల్న్ అంటే తిరిగే పొడవాటి కొలిమి. దాని లోపల ముడిసరుకు దాదాపు 1,450 డిగ్రీల సెల్సియస్ దగ్గర క్లింకర్‌గా మారుతుంది. కిల్న్‌ను తిప్పే మోటారు, గాలి లాగే ఫ్యాను, బొగ్గు అందించే యంత్రం అన్నీ పీఎల్‌సీ అనే కంట్రోల్ కంప్యూటర్ చెప్పినట్టు నడుస్తాయి. దాని లోపలి మూల సాఫ్ట్‌వేర్ అయిన ఫర్మ్‌వేర్ మార్చాలంటే సాధారణంగా పీఎల్‌సీని స్టాప్ మోడ్‌లో పెట్టాలి. అంటే కిల్న్ ఆగాలి. వేడి మీద ఆగిన కిల్న్‌ను అలాగే వదిలేస్తే దాని బరువుకు షెల్ వంగిపోతుంది, అందుకే సహాయక మోటారుతో నెమ్మదిగా తిప్పుతూనే ఉంటాం. చల్లబడితే లోపలి ఇటుకలు పగుళ్లిస్తాయి. మళ్లీ వేడి ఎక్కించడానికి ఒక రోజుకు పైగా పడుతుంది.

సరే, వార్షిక షట్‌డౌన్‌లో చేద్దామనుకుందాం. కొత్త ఫర్మ్‌వేర్‌కు ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ కావాలి. దానికి కొత్త విండోస్ కావాలి. ఆపరేటర్ చూసే స్క్రీన్ సాఫ్ట్‌వేరేమో ఆ విండోస్ మీద నడుస్తుందని తయారీదారు రాసివ్వడు. రాసివ్వకుండా మార్చి, రేపు ప్రమాదం రాకుండా యంత్రాన్ని ఆపే ఇంటర్‌లాక్ ఒకటి పనిచేయకపోతే ఎవరిది బాధ్యత? అందుకే ఒక్క ప్యాచ్ వెనుక ప్రతి సిగ్నల్‌నూ మళ్లీ పరీక్షించే పని ఉంటుంది. ఇదంతా 30 రోజుల్లో అయ్యే పని కాదు.

మరి అంతవరకు ఏమిటి? నా జవాబు ఒక్కటే: నెట్‌వర్క్‌ను విడదీయండి. ఎలా విడదీయాలో అర్థం కావడానికి 2018 ఆగస్టులో తైవాన్ చిప్ తయారీ సంస్థ టీఎస్‌ఎంసీలో జరిగింది చూడండి. కొత్త యంత్రం ఒకటి వచ్చింది. దాని సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు వైరస్ పరీక్ష చేయకుండానే నెట్‌వర్క్‌కు కలిపారు. వానాక్రై రకం వైరస్ ప్యాచ్ లేని విండోస్ 7 యంత్రాలకు పాకి, ఒకటి కంటే ఎక్కువ ఫ్యాక్టరీలను ఆపింది. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ ప్యాచ్ 2017 మార్చిలోనే ఇచ్చింది. అంత పెద్ద సంస్థ కూడా ప్రతి యంత్రానికీ దాన్ని వేయలేకపోయింది. ఇంకో సంగతి గమనించండి: వైరస్ ఇంటర్నెట్ నుంచి రాలేదు, లోపలికి తెచ్చిన యంత్రంతో వచ్చింది. కాబట్టి ఆఫీసుకూ ప్లాంట్‌కూ మధ్య ఒక ఫైర్‌వాల్ పెట్టేసి చేతులు దులుపుకుంటే చాలదు. ప్లాంట్ లోపల కూడా గదికో తలుపు ఉండాలి.

వానాక్రై పాకేది 445 పోర్టు గుండా. మా ఆపరేటర్ స్క్రీన్ పీఎల్‌సీతో మాట్లాడేది మోడ్‌బస్ అనే ప్రొటోకాల్‌లో, 502 పోర్టు గుండా. ముడిసరుకు మిల్లు కంప్యూటర్‌కూ కిల్న్ కంప్యూటర్‌కూ మధ్య 445 తెరిచి ఉండాల్సిన అవసరమే లేదు. అది మూసేస్తే, ఒకదాని నుంచి ఇంకోదానిలోని ప్యాచ్ లేని విండోస్ 7 దగ్గరకు ఆ వైరస్ ఆ పోర్టు గుండా పాకలేదు. 502 మాత్రం తెరిచి ఉంచాలి, కానీ ఫలానా స్క్రీన్ నుంచి ఫలానా పీఎల్‌సీకి మాత్రమే. ఎందుకంటే సాధారణ మోడ్‌బస్‌కు పాస్‌వర్డ్ ఉండదు. ఆ పోర్టును చేరుకోగలిగినవారు ఎవరైనా పీఎల్‌సీకి ఆదేశం రాయగలరు. నియమాలు పెట్టే ముందు ట్రాఫిక్ నకలు ఇచ్చే స్విచ్ మిర్రర్ పోర్టు నుంచి రెండు వారాలు ట్రాఫిక్‌ను ఊరికే చూడాలి. ఆ రెండు వారాల్లో ప్లాంట్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టే స్టార్టప్ కూడా ఒకటి ఉండాలి, స్టార్టప్‌లో మాత్రమే మాట్లాడుకునే యంత్రాలు ఉంటాయి మరి. నడుస్తున్న పాత పీఎల్‌సీల మీద నెట్‌వర్క్ స్కానర్ మాత్రం నడపకండి, కొన్ని ఉన్నపళంగా ఆగిపోతాయి.

ఇంత చేసినా కాగితం మీది గోడ నిజం గోడ కాకపోవచ్చు. పోయిన షట్‌డౌన్‌లో మా ల్యాబ్ కంప్యూటర్ వెనుక రెండు నెట్‌వర్క్ కేబుళ్లు కనిపించాయి, ఒకటి నీలం, ఒకటి బూడిద రంగు. కమాండ్ విండో తెరిచి `ipconfig` కొట్టాను.

```
IPv4 Address : 10.10.4.37
IPv4 Address : 192.168.1.37
```

మొదటిది ఆఫీసు నెట్‌వర్క్, రెండోది కంట్రోల్ నెట్‌వర్క్. నివేదికలు ఆఫీసులో చూసుకోవడానికి ఎవరో ఏళ్ల క్రితం పెట్టుకున్న ఏర్పాటు అది. ఫైర్‌వాల్‌లో ఒక్క తప్పూ లేదు, ఎందుకంటే ఈ దారి ఫైర్‌వాల్ మీదుగా వెళ్లదు. ఎర్రగా నింపిన ఆ షీటులో ఈ కంప్యూటర్ పేరే లేదు.

ఆ రోజే కంట్రోల్ నెట్‌వర్క్‌కు వెళ్లే బూడిద రంగు కేబుల్ పీకేశాం. ల్యాబ్‌కు కావలసిన అంకెల కోసం ప్లాంట్ రీడింగులు దాచే హిస్టారియన్ డేటాబేస్ నకలును ఆఫీసుకూ ప్లాంట్‌కూ మధ్య విడి జోన్‌లో పెట్టాం. ప్లాంట్ వైపు నుంచి డేటా అక్కడికి వెళుతుంది, అక్కడి నుంచి ప్లాంట్‌లోకి ఏ కనెక్షనూ మొదలుకాదు. షట్‌డౌన్ లేకపోయినా ఈ పని చేయవచ్చు, దీనికోసం కిల్న్‌ను ఆపాల్సిన అవసరమే లేదు. ఆడిట్ వాళ్లకు నేను పంపిన జవాబులో మొదటి వరుస ఇదే రాశాను. ఫర్మ్‌వేర్ వరుసలో మాత్రం వచ్చే వార్షిక షట్‌డౌన్ తేదీ వేశాను.