రెండు లాభాల మధ్య తేడా గోదాములోనే ఉంటుంది

ఒకే కర్మాగారం, ఒకే సంవత్సరం, అవే అమ్మకాలు, అవే ఖర్చులు. స్థిర ఖర్చు మొత్తాన్నీ ఆ ఏడాదికే వేసే మార్జినల్ కాస్టింగ్‌లో లాభం 4,80,000 రూపాయలు తేలితే, తయారీ స్థిర ఖర్చును తయారైన ప్రతి యూనిట్ మీదా మోపే అబ్సార్ప్షన్ కాస్టింగ్‌లో 7,20,000 తేలింది. మధ్యలో ఉన్న 2,40,000 ఎక్కడిదని అడిగితే చాలామంది సూత్రం అప్పజెబుతారు: నిల్వలో వచ్చిన మార్పును యూనిట్‌కు పడే స్థిర ఓవర్‌హెడ్‌తో గుణిస్తే సరి. మొదటి ఏడాది లెక్కకు ఆ సూత్రం సరిపోతుంది. రెండో ఏడాది ఓవర్‌హెడ్ రేటు మారగానే అదే సూత్రం తప్పు జవాబు ఇస్తుంది. పరీక్ష పేపర్లలోనూ, కంపెనీల నెలవారీ నివేదికల్లోనూ రెండు లాభాలనూ కలిపి సరిచూసే సమన్వయ పట్టిక కుదరకపోవడం ఎక్కువగా అక్కడే మొదలవుతుంది.

ముందు అంకెలు చూద్దాం. అమ్మకం ధర యూనిట్‌కు 500. తయారీలో చర వ్యయం 260, అమ్మకం మీద చర వ్యయం 20. అంటే యూనిట్‌కు చర వ్యయాలు పోగా మిగిలే కంట్రిబ్యూషన్ 220. తయారీకి సంబంధించిన స్థిర ఓవర్‌హెడ్లు ఏడాదికి 12,00,000. సాధారణ ఉత్పత్తి సామర్థ్యం 10,000 యూనిట్లు. కాబట్టి ఓవర్‌హెడ్ రేటు 120. ఆఫీసు, అమ్మకాల విభాగాల స్థిర ఖర్చు మరో 3,00,000. మొదటి ఏడాది ప్రారంభ నిల్వ లేదు. 11,000 తయారయ్యాయి, 9,000 అమ్ముడుపోయాయి, 2,000 గోదాములో మిగిలాయి.

మార్జినల్ పద్ధతిలో 9,000 యూనిట్ల మీద కంట్రిబ్యూషన్ 19,80,000. అందులోంచి మొత్తం స్థిర ఖర్చు 15,00,000 తీసేస్తే 4,80,000. అబ్సార్ప్షన్ పద్ధతిలో యూనిట్ తయారీ వ్యయం 380, కాబట్టి అమ్మిన ప్రతి యూనిట్ మీద స్థూల లాభం 120, మొత్తం 10,80,000. తయారైన 11,000 యూనిట్లు 13,20,000 ఓవర్‌హెడ్‌ను మోశాయి. నిజంగా అయిన ఖర్చు 12,00,000 మాత్రమే. ఎక్కువగా మోపిన 1,20,000 తిరిగి కలిపితే 12,00,000. అమ్మకాల మీద చర వ్యయం 1,80,000, ఆఫీసు, అమ్మకాల స్థిర ఖర్చు 3,00,000 తీసేస్తే 7,20,000.

ఇక్కడే మొదటి పొరపాటు జరుగుతుంది. ఓవర్ అబ్సార్ప్షన్ 1,20,000 ఒక పట్టికలో కనిపించి రెండో పట్టికలో కనిపించదు కాబట్టి, తేడాకు అదీ ఒక కారణమని అనిపిస్తుంది. దాన్ని సమన్వయ పట్టికలో ఒక వరుసగా రాసేస్తారు, ఆ తర్వాత పట్టిక సరిగ్గా 1,20,000 దగ్గర తప్పుతుంది. నిజానికి ఆ సర్దుబాటు చేసే పని ఒక్కటే: ముందుగా వేసుకున్న అంచనా రేటుతో మోపిన ఓవర్‌హెడ్‌ను అసలు ఖర్చు దగ్గరికి తీసుకురావడం. అది అయ్యాక రెండు పద్ధతుల్లోనూ ఈ ఏటి స్థిర ఖర్చు 12,00,000 గానే ఉంటుంది. ఆ 12,00,000లో ఎంత ఈ ఏటి లాభనష్టాల ఖాతాలోకి వచ్చింది, ఎంత గోదాములో ఆగింది అన్నదాంట్లోనే తేడా ఉంది.

మార్జినల్ పద్ధతి మొత్తాన్నీ ఈ ఏడాదికే వేసింది. అబ్సార్ప్షన్ పద్ధతి 2,000 యూనిట్లతో పాటు యూనిట్‌కు 120 చొప్పున 2,40,000ను వచ్చే ఏడాదికి పంపి, 9,60,000 మాత్రమే ఈ ఏడాదికి వేసింది. లాభాల మధ్య తేడా అంటే ఆ 2,40,000 మాత్రమే. అండర్ అబ్సార్ప్షన్ వచ్చినా, ఓవర్ అబ్సార్ప్షన్ వచ్చినా, అది అబ్సార్ప్షన్ లాభాన్ని కట్టేటప్పుడే వాడేసే అంకె. సమన్వయ పట్టికలో దానికి చోటు లేదు.

ఈ కోణంలో చూస్తే సూత్రాన్ని వేరే మాటల్లో చెప్పుకోవాలి. నిల్వలో యూనిట్లు ఎన్ని పెరిగాయన్నది కాదు, ముగింపు నిల్వలో ఉన్న స్థిర ఓవర్‌హెడ్ ఎంత, ప్రారంభ నిల్వతో వచ్చిన స్థిర ఓవర్‌హెడ్ ఎంత అన్నదే ప్రశ్న. రెంటినీ విడివిడిగా, దేని రేటుతో దాన్ని కట్టి, ఆ తర్వాతే తీసివేయాలి. మొదటి ఏడాది ప్రారంభ నిల్వ సున్నా కాబట్టి రెండు రకాలుగా చేసినా ఒకే జవాబు వచ్చింది.

రెండో ఏడాదికి వెళ్దాం. స్థిర ఓవర్‌హెడ్లు 13,50,000కు పెరిగాయి, సాధారణ సామర్థ్యాన్ని 9,000 యూనిట్లుగా తిరిగి నిర్ణయించారు, రేటు 150 అయింది. మిగతా ధరలు, వ్యయాలు మారలేదు. 8,500 తయారయ్యాయి, 9,500 అమ్ముడుపోయాయి, ముగింపు నిల్వ 1,000. ముందు వచ్చిన సరుకు ముందు పోతుందనే ఫిఫో పద్ధతిలో నిల్వకు విలువ కడుతున్నారు.

మార్జినల్ లాభం 20,90,000 నుంచి 16,50,000 తీసేస్తే 4,40,000. అబ్సార్ప్షన్ లాభం కట్టకుండానే దాన్ని చేరుకోవచ్చు:

| వివరం | రూపాయలు |
|---|---|
| మార్జినల్ పద్ధతి లాభం | 4,40,000 |
| కలపాలి: ముగింపు నిల్వలోని స్థిర ఓవర్‌హెడ్ (1,000 × 150) | 1,50,000 |
| తీసేయాలి: ప్రారంభ నిల్వలోని స్థిర ఓవర్‌హెడ్ (2,000 × 120) | 2,40,000 |
| అబ్సార్ప్షన్ పద్ధతి లాభం | 3,50,000 |

తేడా 90,000. పాత అలవాటు ప్రకారం నిల్వ 1,000 తగ్గింది కదా అని కొత్త రేటుతో గుణిస్తే 1,50,000 వస్తుంది, పాత రేటుతో గుణిస్తే 1,20,000 వస్తుంది. రెండూ తప్పే. అనుమానం ఉంటే మొత్తం కట్టి చూడండి. అమ్మకాలు 47,50,000. అమ్మిన సరుకు వ్యయంలో పాత 2,000 యూనిట్లు 380 చొప్పున, కొత్త 7,500 యూనిట్లు 410 చొప్పున, కలిపి 38,35,000. మోపినది 12,75,000, అయినది 13,50,000 కాబట్టి తక్కువ మోపిన 75,000 తీసేయాలి. ఆపైన 1,90,000, 3,00,000 కూడా తీసేస్తే 3,50,000.

ఉత్పత్తి, అమ్మకాలు సమానమైతే రెండు లాభాలూ సమానం అని కంఠస్థం చేయించే మాట కూడా రేటు మారని చోటే నిలుస్తుంది. రెండో ఏడాది 9,500 తయారు చేసి 9,500 అమ్మి ఉంటే నిల్వ 2,000 దగ్గరే ఉండేది. అయినా గోదాములోకి కొత్త రేటున 3,00,000 చేరి, పాత రేటున 2,40,000 బయటికి వచ్చేది కాబట్టి, అబ్సార్ప్షన్ లాభం 60,000 ఎక్కువ చూపేది.

ఫిఫోకు బదులు సగటు పద్ధతి వాడితే అంకె మళ్లీ మారుతుంది. పాత 2,40,000, కొత్తగా మోపిన 12,75,000 కలిపి 10,500 యూనిట్ల మీద పంచితే యూనిట్‌కు దాదాపు 144.29. ముగింపు నిల్వలో స్థిర భాగం 1,44,286 అవుతుంది, అబ్సార్ప్షన్ లాభం 3,44,286కు దిగుతుంది. కాబట్టి తేడా ఎంత అని చెప్పే ముందు నిల్వకు ఏ పద్ధతిలో విలువ కట్టారో తెలియాలి. తయారీలో సగంలో ఉన్న సరుకు ఉంటే దానిలోని స్థిర ఓవర్‌హెడ్‌నూ లెక్కలోకి తేవాలి. దాన్ని వదిలేస్తే చిన్న మొత్తంతో పట్టిక తప్పుతుంది, ఆ చిన్న తేడాను పట్టుకోవడం పెద్ద తేడా కంటే కష్టం.

పని సరిగ్గా జరిగిందో లేదో చూసుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. ఏళ్ల తరబడి వచ్చిన తేడాలన్నీ కూడితే, ఈ రోజు గోదాములో ఉన్న స్థిర ఓవర్‌హెడ్‌కు సమానం కావాలి. ఫిఫో లెక్కలో మొదటి ఏడాది 2,40,000 ఎక్కువ, రెండో ఏడాది 90,000 తక్కువ, నికరంగా 1,50,000. గోదాములో ఉన్న 1,000 యూనిట్లు మోస్తున్నదీ అంతే. ఇది కలవకపోతే ఒక కారణం ఇది కావచ్చు: ఆఫీసు, అమ్మకాల ఖర్చు 3,00,000ను కూడా ఓవర్‌హెడ్ రేటులో కలిపేసి ఉంటారు. ఆ ఖర్చు ఏ పద్ధతిలోనూ నిల్వలోకి పోదు. అమ్మకం మీద పడే 20 కూడా అంతే.

ఇక దీన్ని లెక్కల తగువుగా వదిలేయకూడదనడానికి కారణం చెప్పాలి. మొదటి ఏడాది అమ్మకాలు 9,000 దగ్గరే ఉంచి, ఉత్పత్తిని మాత్రం 13,000కు పెంచితే మార్జినల్ లాభం కదలదు, 4,80,000. రేటు 120 దగ్గర ఉంచిన అబ్సార్ప్షన్ లాభం మాత్రం 9,60,000కు పోతుంది. ఒక్క యూనిట్ కూడా అదనంగా అమ్మలేదు. పైగా అమ్ముడుపోని 4,000 యూనిట్ల చర వ్యయం కింద 10,40,000 రూపాయలు గోదాములో ఇరుక్కున్నాయి. మేనేజరు బోనస్‌ను ఈ లాభంతో ముడిపెట్టిన సంస్థ, సరుకు పేర్చమని స్వయంగా చెబుతున్నట్టే.

అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఏఎస్ 2 దీనికి కొంత అడ్డుకట్ట వేసింది. ఉత్పత్తి తక్కువగా ఉంటే యూనిట్‌కు పడే స్థిర భాగాన్ని పెంచకూడదు. మోపలేకపోయిన మొత్తం ఆ ఏటి ఖర్చే. ఉత్పత్తి అసాధారణంగా పెరిగితే మాత్రం, నిల్వ విలువ అసలు ఖర్చును దాటకుండా యూనిట్ భాగాన్ని తగ్గించాలి. ఆ నియమంతో 12,00,000ను 13,000 మీద పంచితే యూనిట్‌కు 92.31 పడుతుంది, లాభం 8,49,231కు తగ్గుతుంది. పొంగు కొంత దిగింది, పోలేదు. బయటికిచ్చే నివేదికల్లో నిల్వకు స్థిర తయారీ ఓవర్‌హెడ్ కలపాల్సిందే కాబట్టి, నా ఉద్దేశంలో పనితీరును అంచనా వేసే లోపలి నివేదికలో మార్జినల్ లాభాన్ని ముందు చూపి, దాని కిందే సమన్వయ పట్టిక పెట్టడం మేలు. నిల్వతో వచ్చిన లాభం ఎంతో అప్పుడు ఒక్క వరుసలో తెలిసిపోతుంది.

పేరుకున్న నిల్వ మరో చిక్కు కూడా తెస్తుంది. మొదటి ఏడాది చివర మార్కెట్ ధర 390కి పడిపోయిందనుకోండి. అమ్మకం ఖర్చు 20 పోను చేతికి వచ్చేది 370. అబ్సార్ప్షన్ పద్ధతిలో నిల్వ విలువ 380 కాబట్టి యూనిట్‌కు 10 చొప్పున, 2,000 యూనిట్లకు 20,000 తగ్గించాలి. మార్జినల్ పద్ధతిలో నిల్వ 260 దగ్గరే ఉంది, తగ్గించాల్సిన పని లేదు. అప్పుడు రెండు లాభాల మధ్య తేడా 2,40,000 కాదు, 2,20,000. ఈ తగ్గింపును పట్టికలో విడిగా ఒక వరుసలో చూపాలి. వచ్చే ఏడాది ప్రారంభ నిల్వలోని స్థిర భాగం కూడా 2,20,000గానే మొదలవ్వాలి. అక్కడ పాత 2,40,000నే రాస్తే ఆ ఏటి పట్టిక 20,000 తేడాతో మిగిలిపోతుంది.