చివర్లో #collab పెడితే చెప్పినట్టు కాదు

"పోస్టులో యాడ్ అని రాస్తే రీచ్ పడిపోతుంది. హ్యాష్‌ట్యాగుల చివర #collab పెడితే చాలు. డబ్బు తీసుకోకుండా ఫ్రీగా వస్తువు వస్తే చెప్పక్కర్లేదు. నీకు నిజంగా నచ్చితే అది యాడే కాదు."

ఈ మెసేజ్ ఈ నెలలో నాకు నాలుగోసారి వచ్చింది. పంపినవాళ్లంతా పోస్టులు పెట్టి సంపాదించుకుంటున్న స్నేహితులే. అందుకే ఊరుకోలేకపోతున్నాను.

ఫ్రీ వస్తువు సంగతి ఒక్క మాటలో తేలిపోతుంది. కొని వాడినవాడికి డబ్బు పోయిందన్న బాధ ఉంటుంది, నీకు ఉండదు. చదివేవాడికి ఆ తేడా తెలియాలి. నచ్చడం కూడా అంతే. నచ్చింది నిజం, డబ్బు తీసుకున్నదీ నిజం. రెండూ చెప్పు.

అసలు హాని చేసేది ఆ #collab సలహా. మొన్న ఒక స్నేహితురాలు హెడ్‌ఫోన్ల గురించి పోస్టు పెట్టింది. ఫోన్‌లో కనిపించేది మొదటి రెండు లైన్లే: "మూడు వారాలుగా ఇవే వాడుతున్నా, చెవి నుంచి తీయబుద్ధి కావట్లేదు..." ఆ పక్కన more. అది నొక్కి కిందిదాకా వెళ్తే, ఇరవై హ్యాష్‌ట్యాగుల మధ్య పదిహేడోది #collab. అక్కడిదాకా ఎవరు వెళ్తారు? వెళ్లినా ఆ మాటకి అర్థం ఏమిటి? కలిసి పాట పాడినా collab అనే అంటారు. అమెరికాలో ప్రకటనల మోసాలపై చర్య తీసుకునే ఎఫ్‌టీసీ 2019లో ఇన్‌ఫ్లుయెన్సర్ల కోసం ఇచ్చిన గైడ్‌లో sp, spon, collab లాంటి అస్పష్టమైన మాటలు వాడొద్దనీ, హ్యాష్‌ట్యాగుల గుంపులో కలిపేయొద్దనీ నేరుగానే రాసింది. వీడియో అయితే డిస్క్రిప్షన్‌లో రాసి వదిలేయకుండా వీడియోలోనే చెప్పమంది.

ఆ పోస్టు కింద ఎవరో "డబ్బులిచ్చారా?" అని అడిగారు. ఆమె ఆ కామెంట్ తీసేసింది. తర్వాత వచ్చిన కామెంట్లన్నీ హెడ్‌ఫోన్ల గురించి కాదు, ఆమె గురించే.

ఇద్దరం కూర్చుని మొదటి లైన్ మార్చాం: "ఇది డబ్బు తీసుకుని చేసిన యాడ్. హెడ్‌ఫోన్లు కంపెనీయే ఇచ్చింది, పోస్టు ముందుగా చూసింది కానీ ఏ మాటా మార్చలేదు. సౌండ్ బాగుంది. రెండు గంటలు దాటితే చెవులు నొప్పెడుతున్నాయి." యాప్‌లోని పెయిడ్ పార్ట్‌నర్‌షిప్ లేబుల్ కూడా ఆన్ చేశాం. కానీ డబ్బు ఇచ్చారని మాత్రమే ఆ లేబుల్ చెబుతుంది. మాటలు ఎవరివో చెప్పదు. నమ్మాలా వద్దా అని చదివేవాడు తేల్చుకునేది అక్కడే. కంపెనీ ఏదైనా లైన్ తీసేయించి ఉంటే "ఏ మాటా మార్చలేదు" అని రాయడానికి ఉండదు. అందుకే చెవుల నొప్పి లాంటివి రాసే హక్కు గురించి ఒప్పందం మీద సంతకం పెట్టకముందే మాట్లాడుకోవాలి. డబ్బు ముట్టాక అడిగితే ఒప్పుకోరు.

రీచ్ విషయంలో మాత్రం ఆ మెసేజ్ పూర్తిగా తప్పని అనను. యాడ్ అన్న మాట చూడగానే కొందరు దాటేసి వెళ్లిపోతారు, నేనూ వెళ్తాను. కానీ అలా వెళ్లినవాడు రేపు మామూలు పోస్టు పెడితే ఆగి చదువుతాడు. చదివాక "ఓహో, ఇది యాడా" అని కనిపెట్టినవాడు ఆ మామూలు పోస్టునీ అనుమానంగానే చూస్తాడు.