కాలితో మూత తీసిన ఆవకాయ ఎవరు కొంటారు?

జీఎస్టీ లెక్కలకు ఆడిటరు ఉన్నాడు. కొట్టు ఏ ముహూర్తాన తెరవాలో చెప్పడానికి సిద్ధాంతిగారున్నారు. ఫోన్లో కొత్తగా తిరుగుతున్న చాలెంజ్‌లో మన కొట్టు దూకాలా వద్దా అని చెప్పేవాళ్లు మాత్రం లేరు. ప్రస్తుతానికి ఆ బరువంతా ఓనరుగారి మేనల్లుడు మోస్తున్నాడు. అతని అర్హతలు రెండు: ఇంట్లో అందరికంటే మంచి ఫోనుంది, వేరే పని లేదు.

దేశానికి ఉన్న ఈ లోటును పూడ్చాలని నేనొక పరిశీలనా విధానం తయారుచేశాను. పేటెంటుకు ఇంకా దరఖాస్తు చేయలేదు. ఉదాహరణకు గోదావరి జిల్లాలో ఒక పచ్చళ్ల కొట్టు ఉందనుకుందాం. గల్లాపెట్టె దగ్గర మామయ్య, వెనక పచ్చళ్లు కలుపుతూ అత్తయ్య, ఇద్దరికీ మధ్య ఫోను పట్టుకుని మేనల్లుడు.

ముందుగా తేల్చాల్సింది, జనం ఈ కొట్టుకు దేన్ని నమ్మి డబ్బులిస్తున్నారు అన్నది. మామయ్యనడిగితే రుచి అంటాడు. రుచి ఇంటికెళ్లి అన్నంలో కలుపుకున్నాక గానీ తెలీదు. కొనేటప్పుడు నమ్మేది కలిపిన చేతిని. ముక్కలు శుభ్రంగా తుడిచారని, జాడీ ఎండలో పెట్టారని, తడి చెయ్యి ఎక్కడా తగల్లేదని, అందుకే ఏడాది దాకా బూజు పట్టదని. ఆ నమ్మకం పోతే మిగిలేది ఉప్పు, కారం, ఆవపిండి, నూనె. అవి కిరాణా కొట్లో ఇంకా చవగ్గా దొరుకుతాయి.

తర్వాత చాలెంజ్‌ను పరిశీలనకు పిలవాలి. పాట, ఫిల్టరు, నవ్వులు అన్నీ తీసేసి, మనిషి అసలేం చేస్తున్నాడో ఒక్క ముక్కలో చెప్పమనాలి. 2014లో వచ్చిన ఐస్ బకెట్ చాలెంజ్‌నే తీసుకోండి. ఏఎల్‌ఎస్ అనే నరాల జబ్బు కోసం విరాళాలు పోగుచేసిన మంచి పనే. ఒక్క ముక్కలో చెబితే మాత్రం, నెత్తిన నీళ్లు కుమ్మరించుకోవడం. పచ్చళ్ల కొట్లో, జాడీల పక్కన, బకెట్టెడు నీళ్లు! ఆవకాయ రోజున చెమట పట్టిన మనిషినే గదిలోకి రానివ్వని అత్తయ్య అది చూస్తే ఏమంటుందో ఇక్కడ రాయడం కుదరదు. అదే ఏడాది హైదరాబాద్‌లో జర్నలిస్టు మంజులత కళానిధి ఆ బకెట్లోంచి నీళ్లు తీసేసి బియ్యం పోశారు. బకెట్టెడు బియ్యం అవసరమైనవాళ్లకు ఇవ్వాలి, అంతే. అదే రైస్ బకెట్ చాలెంజ్. దాన్ని ఏ కిరాణా కొట్టతను చేసినా, అతని చేతిలో బియ్యం ఎవరికీ వింతగా కనిపించవు.

2019లో సీసా మూత చాలెంజ్ వచ్చింది. గిర్రున తిరిగి, సీసా కదలకుండా కాలితో మూత ఊడగొట్టాలి. కరాటే నేర్పే మాస్టారికి అంతకంటే మంచి ప్రకటన దొరకదు. మన మేనల్లుడు మాత్రం మాగాయ సీసాను బల్ల మీద పెట్టి కాలెత్తాడు. అన్నం మెతుకు కాలికి తగిలితే కళ్లకద్దుకునే జనం ఆ సీసాలోది కంచంలో వడ్డించుకుంటారన్న అతని ఆశావాదాన్ని మెచ్చుకోక తప్పదు. సీసా ఖాళీదే కదా అని అతని వాదన. ఖాళీదని వీడియోలో ఎవరికి తెలుస్తుంది? కనిపించేది కాలు, దాని ముందు కొట్టు లేబులు.

2018లో వచ్చిన కీకీ చాలెంజ్ మరో తరహా. కదిలే కారులోంచి దిగి పక్కనే డాన్స్ చేయడం. హైదరాబాద్, ముంబై పోలీసులు వద్దని హెచ్చరించాల్సి వచ్చింది. ఒక్క ముక్కలో చెబితే, బండిని గాలికొదిలేయడం. కస్టమర్ల పార్శిళ్లున్న డెలివరీ ఆటోతో ఇది చేస్తే సరుకు ఎవరి చేతిలో ఉందో ఊరందరికీ తెలుస్తుంది. ఆ చాలెంజ్‌నే జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో అనిల్ గీల, పిల్లి తిరుపతి పొలంలో, దున్నుతున్న ఎడ్ల పక్కన బురదలో చేశారు. ఆ వీడియోను దేశం బయట కూడా చూశారు. వాళ్ల యూట్యూబ్ చానల్‌ది పల్లె బతుకు కాబట్టి కారు పోయి ఎడ్లు రావడం అతికినట్టు సరిపోయింది. చాలెంజ్‌ను తమ పొలంలోకి లాక్కొచ్చారు గానీ వాళ్లు దాని వెంట రోడ్డెక్కలేదు.

ఇక 2024 మొదట్లో జోరుగా నడిచిన చాలెంజ్ చూడ్డానికి సాధువు. స్టాఫ్ ఒక్కొక్కరూ వచ్చి, "మేం ఫలానా వాళ్లం, ఇలాంటివి మాకు మామూలే" అని తమ మీద తామే ఒక జోకు వేసుకుంటారు. నీళ్లు లేవు, కాలు లేదు, ఆటో లేదు. మేనల్లుడు రాత్రికి రాత్రి నాలుగు డైలాగులు రాసి విచారణకు సమర్పించాడు.

"మేం పచ్చళ్లవాళ్లం, రోజూ తుమ్ములే తుమ్ములు." నిజమే, కారం దంచేచోట తుమ్ములొస్తాయి. కానీ వినేవాడికి వెంటనే వచ్చే అనుమానం, ఎందులోకి తుమ్మారు? తిరస్కరించడమైనది.

"మేం పచ్చళ్లవాళ్లం, రంగు కలిపారా అని అడిగితే నవ్వుకుంటాం." అప్పటిదాకా ఎవరూ అడగలేదు. రేపట్నుంచి అందరూ అడుగుతారు. ఇదీ తిరస్కరణే.

"మేం పచ్చళ్లవాళ్లం, కస్టమర్ ఒక్క ముక్క రుచి చూస్తానని పావుకిలో తినేస్తాడు." జోకు బాగుంది. కానీ నవ్వేది మన మీద కాదు, కొనేవాడి మీద. ఆ తిన్నాయన కూడా వీడియో చూస్తాడు.

నాలుగోది అత్తయ్యకు రాసింది. "మేం పచ్చళ్లవాళ్లం, తడి చేత్తో వస్తే సొంత మొగుణ్నైనా గడప దాటనివ్వం." విచారణ ఇక్కడ ఆగింది. ఇందులో నవ్వు వచ్చేది అత్తయ్య చాదస్తం మీద. కస్టమర్ డబ్బులిచ్చేది సరిగ్గా ఆ చాదస్తానికే. నవ్వుకుంటూనే ఇంకొంచెం నమ్ముతాడు. ఆమోదించడమైనది. అత్తయ్య మాత్రం నవ్వకుండా చెప్పాలి. అందుకు రిహార్సల్ అక్కర్లేదు.

వీడియో తీశాక సౌండు కట్టేసి, ఆ చాలెంజ్ పేరైనా వినని పెద్దమనిషికి చూపించాలి. ఎదురింటి రిటైర్డు మాస్టారు ఇందుకు శ్రేష్ఠం. "ఏం కనిపించింది?" అంటే ఆయన "ఎవరో అరుస్తున్నారు" అన్నాడా, ఇంకా పని ఉంది. "ఆవిడ ఎవర్నో వంటింట్లోంచి తరిమేస్తోంది" అన్నాడా, ఖాయం. ట్రెండు తెలిసినవాడు జోకును తనే పూరించుకుని చూస్తాడు కాబట్టి వాడి సాక్ష్యం చెల్లదు.

పాట సంగతి త్వరగా ముగిస్తాను. ఇన్‌స్టాగ్రామ్‌లో బిజినెస్ అకౌంటుకు సినిమా పాటలు మామూలుగా దొరకవు. వ్యాపారానికి వాడుకోవాలంటే హక్కులు కొనాలి. అందుకని మేనల్లుడు తన సొంత అకౌంటులో పాటతో చేసి కొట్టు ధరల పట్టీ కింద అతికిద్దామంటాడు. అలా చేసినా అది ప్రకటనే, సౌండు పోయినా పోవచ్చు, నోటీసు రావచ్చు. అత్తయ్య గొంతుకు ఆ బాధ లేదు, దాని హక్కులన్నీ ఆవిడవే.

ఈ విచారణంతా అయ్యేలోపు ట్రెండు చల్లారిపోతే ఏం చేయాలని ఎవరైనా అడగొచ్చు. ఏమీ చేయనక్కర్లేదు. ఊళ్లో అందరూ చేసేశాక ఆఖర్న వచ్చే వీడియో, మూడో రోజు పెళ్లికొచ్చిన చుట్టంలా ఉంటుంది.

ఫలితం ఎలా తెలుస్తుందంటారా? మేనల్లుడు చూసేది వ్యూస్. మామయ్య చూడాల్సింది కామెంట్లు. "అన్నా, స్టెప్పు కేక" అన్నవాళ్లెందరున్నా వాళ్లు స్టెప్పుకొచ్చినవాళ్లే. "కిలో ఎంత, వెల్లుల్లి లేనిది ఉందా, హైదరాబాద్ పంపుతారా" అని నలుగురడిగినా చాలెంజ్ కొట్టుకు సరిపోయినట్టే. అత్తయ్య వీడియో కింద అలాంటివే వచ్చాయి. ఒకావిడ, "మా అత్తగారూ అచ్చం ఇంతే, అరకిలో పంపండి" అని రాసింది.

మేనల్లుడు మాత్రం డీలాపడ్డాడు, తన డాన్సు ఎక్కడా రాలేదని. సానుభూతితో పరిశీలించి అతనికి వేరే అకౌంటు మంజూరు చేశారు. కొట్టు పేరు, ఫోన్ నంబరు అందులో ఎక్కడా కనిపించకూడదని అత్తయ్య షరతు పెట్టింది.