అప్పీలు వేయవద్దని చెప్పే ఆ సందేశానికి నా జవాబు

"అన్నలారా, శిక్ష ఉత్తర్వు వచ్చిందా? అప్పీలు జోలికి పోకండి. పోతే శిక్ష పెంచుతారు. పై అధికారి ఎలాగూ కింది అధికారి మాటే ఖాయం చేస్తాడు. తప్పదనుకుంటే తప్పు ఒప్పుకుని, పిల్లల చదువులు, తల్లిదండ్రుల జబ్బులు చెప్పుకుని, క్షమించమని ఒక పేజీ రాయండి. కొంచెం తగ్గిస్తే దండం పెట్టి ఊరుకోండి."

కాజీపేట, హన్మకొండ వైపు రైల్వే ఉద్యోగుల ఫోన్లలో ఈ సందేశం తిరుగుతోంది. పదవీ విరమణ తర్వాత కూడా తోటి ఉద్యోగులకు అప్పీళ్లు రాసిపెడుతున్నవాడిని కనుక దీన్ని చూసి ఊరుకోలేకపోయాను. దీన్ని నమ్మి గడువు దాటబెట్టుకున్నవారికి తర్వాత సాయం చేయడం ఎంత కష్టమో నాకు తెలుసు.

ముందు భయం సంగతి. రైల్వే ఉద్యోగుల క్రమశిక్షణ, అప్పీలు నియమాలు 1968లో వచ్చాయి. అప్పీలు అధికారికి శిక్షను ఖాయం చేసే, తగ్గించే, రద్దు చేసే అధికారంతో పాటు పెంచే అధికారం కూడా వాటిలో ఉంది. ఆ మాట దాచను. అయితే ముందుగా నోటీసు ఇవ్వకుండా, మన వాదన వినకుండా పెంచడానికి వీల్లేదు. విచారణే జరగని కేసులో పెద్ద శిక్షకు పోవాలంటే పూర్తి విచారణ జరపాల్సిందే. ఇక అప్పీలు వేయకపోతే క్షేమమా? కాదు. ఎవరూ అడగకపోయినా తమంతట తామే ఫైలు తెప్పించుకుని తిరిగి పరిశీలించే రివిజన్ అధికారం పై అధికారులకు ఉంది. మౌనంగా ఉన్నంత మాత్రాన ఆ తలుపు మూసుకోదు. మూసుకునేది మన తలుపే. శాఖలో ఉన్న దారులన్నీ వాడుకోకుండా వెళితే పరిపాలనా ట్రిబ్యునల్ సాధారణంగా కేసు తీసుకోదు. అప్పీలుకు గడువు ఉత్తర్వు ప్రతి అందిన రోజు నుంచి 45 రోజులు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించవచ్చు కానీ, దాని మీద ఆశ పెట్టుకోకూడదు.

పై అధికారి ఖాయం చేయడం గురించి. చాలాసార్లు ఖాయం చేస్తారు, నిజమే. కానీ అలా చేయడానికి ఆయన మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. నియమాల ప్రకారం విధానం పాటించారా, పాటించకపోతే అన్యాయం జరిగిందా? తప్పు రుజువైందనడానికి రికార్డులో సాక్ష్యం ఉందా? శిక్ష సరిపోయినంతే ఉందా, ఎక్కువైందా, తక్కువైందా? ఈ జవాబులు లేకుండా నాలుగు వాక్యాల్లో అప్పీలు కొట్టివేస్తే ఏమవుతుందో సుప్రీంకోర్టు 1986లో రామ్‌చందర్ కేసులో చెప్పింది. ఆయన కూడా రైల్వే ఉద్యోగే. అప్పీలును మళ్లీ విని, కారణాలు రాసి తేల్చమని కోర్టు రైల్వే బోర్డును ఆదేశించింది. మన దగ్గర స్పీకింగ్ ఆర్డర్ అని పిలిచేది దీన్నే.

అందుకే ఆ సందేశంలో అన్నిటికన్నా నష్టం చేసేది క్షమాపణ సలహా. ఒక ఉదాహరణ కల్పించి చూపిస్తాను. లోకో షెడ్‌లో ఒక టెక్నీషియన్, మూలవేతనం 29,200. మార్చి 12 రాత్రి ఒక ఇంజిన్‌కు బ్రేకు పరీక్ష సరిగా చేయలేదని ఆయనకు ఎస్.ఎఫ్-11 వచ్చింది. ఇది చిన్న శిక్షకు ఇచ్చే ఛార్జ్‌షీట్. ఆ రాత్రి తనను వేరే ఇంజిన్‌కు పంపారని, షిఫ్టు రిజిస్టరు చూడమని ఆయన జవాబిచ్చాడు. విచారణ జరగలేదు. "జవాబు సంతృప్తికరంగా లేదు. తదుపరి ఇంక్రిమెంటును ఏడాది పాటు క్యుములేటివ్ ప్రభావంతో నిలుపుతున్నాము" అని ఉత్తర్వు వచ్చింది.

ఆయన ఇంట్లోవాళ్లు ఆ 'క్యుములేటివ్' అన్న మాటను దాటుకుంటూ చదివారు. కేసు ప్రాణమంతా అందులోనే ఉంది. మామూలు నిలుపుదల అయితే ఏడాది పాటు నెలకు 900 రూపాయలు, దానిమీద వచ్చే డీఏ పోతాయి. ఏడాది కాగానే జీతం మళ్లీ ఉండాల్సిన మెట్టు మీదికి వస్తుంది. క్యుములేటివ్ అయితే ఆ మెట్టు ఇక తిరిగి రాదు. ఉద్యోగం చివరిదాకా ఒక మెట్టు కిందే ఉంటారు, పింఛను లెక్క కూడా ఆ జీతం మీదే. అందుకే ఇలాంటి నిలుపుదల, అది ఎంత కాలానికైనా సరే, విచారణ జరపకుండా విధించకూడదని చిన్న శిక్షల విధానంలోనే రాసి ఉంది. 1990లో పంజాబ్ ఉద్యోగి కుల్వంత్ సింగ్ గిల్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఇలాంటి నిలుపుదలను పెద్ద శిక్షగానే చూసింది.

ఇప్పుడు ఈయన "ఈ ఒక్కసారికి మన్నించండి" అని రాస్తే? రిజిస్టరు చూడాల్సిన అవసరమే అధికారికి ఉండదు. తప్పు ఒప్పుకున్నాడని ఒక్క వాక్యం రాసి ఫైలు మూయవచ్చు. నేనైతే అప్పీలును ఆ మూడు ప్రశ్నల వరుసలోనే రాయిస్తాను. మొదటి పేరా: "నాకు ఎస్.ఎఫ్-11 మాత్రమే ఇచ్చారు, విచారణ జరపలేదు. అయినా క్యుములేటివ్ ప్రభావంతో ఇంక్రిమెంటు నిలిపారు. ఇది విధానానికి విరుద్ధం." రెండో పేరా: "మార్చి 12 షిఫ్టు రిజిస్టరులో నా పేరు వేరే ఇంజిన్ ఎదుట ఉంది. నా జవాబులో ఈ సంగతి చెప్పాను. ఉత్తర్వులో దాని ప్రస్తావన లేదు. రిజిస్టరు నకలు జత చేస్తున్నాను." మూడో పేరాలో, పై రెండు వాదనలకు భంగం లేకుండా, శిక్ష ఎక్కువైందని చెప్పాలి. ఇంతకు ముందు మచ్చలేని సర్వీసు, ఇంటి పరిస్థితి రాయాల్సింది ఇక్కడే, రెండు వాక్యాలు చాలు. చివర ఏమి కోరుతున్నామో విడిగా రాయాలి: ఉత్తర్వు రద్దు, అది కాని పక్షంలో తగ్గింపు. ఎవరినీ నిందించే మాట ఉండకూడదు, అమర్యాదకరమైన భాష వాడవద్దని నియమమే చెబుతోంది. అప్పీలు అధికారికి అసలు ప్రతి, శిక్ష వేసిన అధికారికి నకలు ఇచ్చి, రెండింటికీ తేదీతో రసీదు తీసుకోవాలి.

ఇక తగ్గిస్తే దండం పెట్టి ఊరుకోవడం. మన టెక్నీషియన్‌కు వచ్చిన ఫలితం ఇదనుకుందాం: "అప్పీలు పరిశీలించాను. శిక్షను క్యుములేటివ్ ప్రభావం లేని ఏడాది నిలుపుదలగా సవరిస్తున్నాను." పోయిన మెట్టు తిరిగొచ్చింది, అది చిన్న విషయం కాదు. కానీ ఈ లేఖను అప్పీలు పక్కన పెట్టి పేరా పేరాకు సరిచూడండి. మొదటి పేరాకు జవాబు దొరికింది. రెండో పేరాకు? రిజిస్టరు ఊసే లేదు. క్యుములేటివ్ తీసేశాక ఏడాది నిలుపుదలకు విచారణ తప్పనిసరి కాదు కాబట్టి, విధానం తప్పన్న వాదన ఇక్కడితో అయిపోయింది. మిగిలిన బలమంతా ఆ రిజిస్టరే. ఇందాక చెప్పిన రివిజన్‌ను కోరుతూ మనమూ దరఖాస్తు పెట్టుకోవచ్చు, దాన్ని అప్పీలు మాదిరిగానే పరిశీలించాలని నియమం. కాబట్టి కొత్త కథలేవీ చేర్చకుండా ఆ ఒక్క పేరా మీదే నిలబడి, "నా రెండో అభ్యంతరానికి కారణాలతో జవాబు రాలేదు" అని రాయాలి. అప్పీలు ఫలితం ఏ రోజు అందిందో ఆ కాగితం మీదే తేదీ వేసి, సంతకం చేసి దాచుకోండి. మిగతా గడువులు లెక్కించేది దాని నుంచే. ట్రిబ్యునల్‌కు పోవాల్సి వస్తే తుది ఉత్తర్వు నుంచి ఏడాదే సమయం ఉంటుంది.